కిటికీలు కదలకుండా గోడకు కడప రాయి: పాత రెండర్‌లో క్లాడింగ్ ఒక్కటే మార్చడానికి ఏ దారి మేలు?

కడప, ప్రొద్దుటూరు, అనంతపురం వైపు ఇళ్ల ఎలివేషన్లు చేసేవాళ్లకు ఈ మాట అలవాటే. "సార్, అంతా బాగుంది. ఆ షీటు తీసేసి మన నాపరాయి పెడితే ఎట్లుంటుందో ఒకసారి చూపించండి. కిటికీలు మాత్రం ముట్టుకోవద్దు." కిటికీల గురించి అంత పట్టుగా అడగడానికి కారణం ఉంది. అప్పటికే యూపీవీసీ వాళ్లకు కొలతలు ఇచ్చి, అడ్వాన్సు కట్టి ఉంటారు. కొత్త బొమ్మలో నడిమి పట్టీ రెండంగుళాలు పక్కకు జరిగినా, గ్రిల్ డిజైన్ కొంచెం మారినా ఇంట్లో ఎవరో ఒకరు కనిపెడతారు. అక్కడి నుంచి రాయి సంగతి పక్కకు పోయి కిటికీల పంచాయితీ మొదలవుతుంది.

ఈ పనికి ఇప్పుడు నాలుగు దారులు ఉన్నాయి. ఇంటి 3డీ మోడల్ ఉంటే మెటీరియల్ మార్చి మళ్లీ రెండర్ చేయడం. ఫొటోషాప్‌లో మాస్క్ వేసి రాయి ఫొటోను గోడ మీద కూర్చోబెట్టడం. ఆ మాస్క్‌నే ఏఐ ఇన్‌పెయింటింగ్‌కు ఇచ్చి రాయిని పుట్టించడం. మాస్క్ ఏమీ లేకుండా "గోడ మార్చు" అని రాసి బొమ్మ మొత్తాన్ని ఏఐ చేతికివ్వడం. ఏది మంచిదో ఊరికే చెప్పలేం. మన దగ్గర ఎలాంటి మాస్క్ ఉంది, పాత గోడ రంగు నుంచి కొత్త గోడ రంగు ఎంత దూరం అనే రెండు సంగతులే దారిని తేలుస్తాయి. సాఫ్ట్‌వేర్ పేరు ఆ తర్వాతి మాట.

ఒక ఇంటిని తీసుకుని చూద్దాం. అనంతపురంలో గ్రౌండ్ ఫ్లోర్, పైన ఒక అంతస్తు. ముందు ముఖం 40 అడుగులు. రెండర్ 3840×2160 పిక్సెళ్లు, అందులో ఇంటి ముఖం సుమారు 2400 పిక్సెళ్ల వెడల్పు ఆక్రమించింది. గోడకు ఇప్పుడున్నది క్రీమ్ రంగు ఏసీపీ షీటు, మధ్యమధ్య జాయింట్ గాడులతో. కావాల్సింది ఆరంగుళాల వరసల్లో గరుకు ముఖం ఉన్న నల్ల నాపరాయి. కడప రాయి అన్నా, తాడిపత్రి రాయి అన్నా ఇక్కడ అడిగేది ఇదే.

ముందు ఒక చిన్న లెక్క. 2400ను 40తో భాగిస్తే అడుగుకు 60 పిక్సెళ్లు, అంగుళానికి 5. అంటే ఆరంగుళాల రాతి వరస 30 పిక్సెళ్లు. 60 మిల్లీమీటర్ల కిటికీ ఫ్రేము 12 పిక్సెళ్లు. అరంగుళం ఏసీపీ గాడి రెండు మూడు పిక్సెళ్లు. పది మిల్లీమీటర్ల గ్రిల్ కమ్మీ రెండు పిక్సెళ్లు. మున్ముందు వచ్చే గొడవలన్నీ ఈ అంకెల నుంచే పుడతాయి కాబట్టి వీటిని ఒక మూల రాసిపెట్టుకోండి.

మాస్క్ ఎక్కడి నుంచి

గోడ ఏ పిక్సెల్ వరకు ఉంది, కిటికీ ఎక్కడ మొదలవుతుంది అని చెప్పే నలుపు తెలుపు బొమ్మే మాస్క్. దీన్ని చేత్తో లాసోతో గీయొచ్చు, కానీ మోడల్ ఉన్నవాళ్లు ఆ కష్టం పడకూడదు. లూమియన్, ఎన్‌స్కేప్, డీ5 లాంటివి రెండర్‌తో పాటు మెటీరియల్ ఐడీ బొమ్మను కూడా ఇస్తాయి. ఒక్కో మెటీరియల్‌కు ఒక్కో చదును రంగు ఉంటుంది కాబట్టి ఫొటోషాప్‌లో ఆ రంగును ఎంచుకుంటే గోడ మొత్తం ఒక్కసారే సెలెక్ట్ అవుతుంది. వీ-రే, బ్లెండర్ సైకిల్స్ వాడేవాళ్లకు క్రిప్టోమాట్ ఉంది. 2015లో సైయాప్ స్టూడియో వాళ్లు బయటపెట్టిన పద్ధతి ఇది. దీని గొప్ప ఏమిటంటే అంచు పిక్సెల్‌లో గోడ వాటా ఎంత, ఫ్రేము వాటా ఎంత అనే లెక్కను కూడా దాచిపెడుతుంది. చదును ఐడీ బొమ్మలో ఆ వాటా ఉండకపోవచ్చు. అప్పుడు అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి.

వాటా లెక్క ఎందుకంటే, క్రీమ్ నుంచి నలుపుకు పోతున్నాం కదా, అక్కడ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఫ్రేము అంచున ఒక పిక్సెల్ తీసుకోండి. అందులో సగం గోడ, సగం ఫ్రేము. మాస్క్ కూడా అక్కడ 50 శాతమే తెరుచుకుంటుంది. కాబట్టి కొత్త నలుపు సగం వస్తుంది, మిగతా సగం పాత పిక్సెల్. ఆ పాత పిక్సెల్‌లో సగం క్రీమే. అంటే నాలుగో వంతు క్రీమ్ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. నల్లరాయి పక్కన అది కిటికీ చుట్టూ చాక్‌పీసుతో గీత గీసినట్టు మెరుస్తుంది. ఇలాంటి బొమ్మలు చూసి చాలామంది రాయి అతికించినట్టుందని అంటారు, తప్పు రాయిది అనుకుంటారు. తప్పు ఆ ఒక్క పిక్సెల్‌ది.

మందు తేలికే. మాస్క్ మీద Levels వేసి అంచును ఒక పిక్సెల్ కిటికీ వైపుకు జరపాలి. ఫెదర్ అసలు వద్దు, వేసినా ఒక పిక్సెల్ దాటొద్దు. ఇలా చేస్తే కిటికీని ముట్టుకున్నట్టు కాదా అని అడగొచ్చు. ఆ అంచు పిక్సెల్ గోడదీ కిటికీదీ ఉమ్మడి ఆస్తి. అందులో ఉన్న పాత గోడ వాటాను తీయకుండా గోడను మార్చడం కుదరదు. కాబట్టి కిటికీ ముట్టుకోలేదు అన్న మాటను ఆ ఉమ్మడి పిక్సెల్ వదిలేసి, లోపలి భాగానికి కచ్చితంగా వర్తింపజేస్తే సరిపోతుంది. 12 పిక్సెళ్ల ఫ్రేములో ఒకటి పోయినా కంటికి తేడా తెలియదు.

ఐడీ బొమ్మ మోసం చేసే చోటు ఇంకొకటి ఉంది. బాల్కనీకి గాజు రెయిలింగ్ ఉంటే, దాని వెనక కనబడే గోడను ఐడీ బొమ్మ గాజుగానే చూపిస్తుంది. ఆ మాస్క్‌ను నమ్మి పని చేస్తే గోడ అంతా నల్లరాయి, రెయిలింగ్ వెనక మాత్రం పాత క్రీమ్ షీటు. మోడల్ చేతిలో ఉంటే రెయిలింగ్‌ను దాచి ఐడీ బొమ్మ మరొకటి తీసుకోండి. లేకపోతే ఆ భాగానికి విడిగా ఇంకో మాస్క్ చేత్తో గీసి, గాజు వెనక కాబట్టి రాయి గాఢతను కొంచెం తగ్గించి కూర్చోబెట్టాలి.

కిటికీ చుట్టూ లోపలికి మడిచిన గోడ మందం సంగతి కూడా ముందే తేల్చుకోండి. రాయి ఆ మడత లోపలికి వస్తుందా, ముఖం మీదే ఆగి లోపల పెయింట్ ఉంటుందా? మేస్త్రి చేసేది ఒకటి, బొమ్మ చూపించేది ఒకటి అయితే మళ్లీ మాట పడేది మనమే. చాలా మోడళ్లలో ఆ మడతకు కూడా గోడ మెటీరియలే ఉంటుంది కాబట్టి ఐడీ మాస్క్ దాన్ని అడక్కుండానే లోపలేసుకుంటుంది.

మళ్లీ రెండర్ చేయడం

మోడల్ మీ దగ్గరే ఉంది, కెమెరా సేవ్ అయి ఉంది, సూర్యుడి సెట్టింగ్ మారలేదు అంటే ఇదే మొదటి మాట, ఇదే చివరి మాట. నీడలు, వెలుతురు, రాయి కొలత అన్నీ దానంతట అవే సరిపోతాయి. ఎన్‌స్కేప్, డీ5 లాంటి వేగంగా తీసేవాటిలో ఈ పనికి బేరమాడాల్సిన అవసరమే లేదు.

అయినా రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి, పాత బొమ్మ మీద ఫొటోషాప్‌లో ఆకాశం, మనుషులు, చెట్లు, రంగుల సవరణ చేసి ఉంటే అదంతా మళ్లీ చేయాలి. రెండోది, కొత్త రెండర్‌లో కిటికీ పిక్సెళ్లు ఒక్కటి కూడా పాతవాటిలా ఉండవు. గాజులో ప్రతిబింబం మారుతుంది, డీనాయిజర్ మచ్చలు వేరే చోట పడతాయి. ఆకారం మారదు కాబట్టి ఇది నిజానికి తప్పు కాదు, భౌతికంగా అదే నిజం. కానీ అవే కిటికీలు కావాలని అడిగిన మనిషికి రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టినప్పుడు గాజు వేరేగా కనిపిస్తే సంజాయిషీ చెప్పుకోవాలి. కొత్త రెండర్ నుంచి గోడను మాత్రం మాస్క్‌తో కోసి పాత బొమ్మ మీద పెట్టడం దీనికి మధ్యేమార్గం. పాత ఎడిటింగ్ మిగులుతుంది, కిటికీలు మిగులుతాయి, రాయి మాత్రం అసలైన వెలుతురుతో వస్తుంది. నాకు బాగా నచ్చిన దారి ఇదే.

మరి మిగతా మూడు దారులు ఎందుకంటే, ఎక్కువసార్లు మోడల్ మన దగ్గర ఉండదు. ఇంటాయన హైదరాబాద్‌లో ఎవరితోనో చేయించుకున్న జేపెగ్ ఒకటి వాట్సాప్‌లో పంపుతాడు. అన్నట్టు, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వస్తే అది కుంచించుకుపోయి ఉంటుంది. అదే బొమ్మను డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. 3840 అనుకున్నది 1600కు పడిపోతే పైన వేసిన లెక్కలన్నీ తలకిందులవుతాయి, గ్రిల్ కమ్మీ ఒక పిక్సెల్ కూడా ఉండదు.

ఫొటోషాప్‌లో రాయి కూర్చోబెట్టడం

ఈ పద్ధతి పాతదే కానీ, ఇందులో కిటికీకి ప్రమాదం దాదాపు లేదు. మాస్క్ బయట ఒక్క పిక్సెల్ కూడా మారదు. రాతి వరస ఎక్కడ మొదలవ్వాలి, ఎంత ఎత్తు ఉండాలి అన్నది మన చేతిలోనే ఉంటుంది.

మొదట రాయి ఫొటో కావాలి. నెట్‌లో దొరికే టెక్స్చర్ కన్నా రాళ్ల డిపోకు పోయి తీసుకున్నది మేలు. ఎండలో కాదు, నీడలో, గోడకు ఎదురుగా నిలబడి, పక్కన టేపు పెట్టి తీయాలి. ఎండలో తీస్తే ఆ రాళ్ల చిన్న నీడలు ఒక దిక్కుకు, మన రెండర్‌లోని సూర్యుడు ఇంకో దిక్కుకు ఉంటాయి. తడి రాయి వద్దు. నాపరాయి తడిస్తే నిగనిగలాడే నలుపు, ఆరితే బూడిద కలిసిన నలుపు. తడి ఫొటో చూపించి ఒప్పించారంటే రేపు గోడ చూసి నిరాశపడతారు. పాలిష్ చేసిన నల్లరాయి కూడా ఎండకు వానకు క్రమంగా వెలుస్తుంది కాబట్టి బొమ్మలో గ్రానైట్ మెరుపు పెట్టకండి. కనీసం ఎనిమిది పదడుగుల వెడల్పు ఒకే ఫొటోలో వచ్చేలా తీసుకుంటే 40 అడుగుల గోడలో ఒకే రాయి పదిసార్లు కనబడే గొడవ తగ్గుతుంది.

తర్వాత Filter మెనూలోని Vanishing Point తెరిచి, గోడ తలానికి నాలుగు మూలలు పెట్టి రాయి ఫొటోను అతికించాలి. మూలలను పెట్టడానికి సన్‌షేడ్ గీతలు, కిటికీ పై గీతలు ఆధారం. కొలత ఎలా సరిచూసుకోవాలంటే, నాలుగడుగుల ఎత్తు కిటికీ పక్కన సరిగ్గా ఎనిమిది వరసలు రావాలి. ఏడే వచ్చాయంటే రాయి పెద్దదైంది, పది వచ్చాయంటే ఇల్లు బొమ్మరిల్లులా కనబడుతుంది.

ఆ పొరను Multiply లో పెడితే కింద ఉన్న క్రీమ్ గోడ మీది నీడలు రాయి మీదికి దిగుతాయి. లేత రంగు నుంచి ముదురుకు పోయేటప్పుడు Multiply చక్కగా పనిచేస్తుంది. మన నల్ల నాపరాయికి ఇది అదృష్టం. ముదురు నుంచి లేతకు, ఉదాహరణకు నల్ల షీటు తీసి లేత రంగు రాయి పెట్టాలంటే ఇది చేతులెత్తేస్తుంది. నల్ల గోడలో నీడకూ వెలుగుకూ తేడా అంతంత మాత్రమే కాబట్టి దిగడానికి అక్కడ నీడ సమాచారమే ఉండదు. ఆ పని వస్తే మోడల్ కోసం పోరాడండి, లేదా నీడలు చేత్తో గీయడానికి సిద్ధపడండి.

ఇక కింది పొరను శుభ్రం చేయాలి. క్రీమ్ షీటు రంగు రాయికి అంటకుండా దాన్ని నలుపు తెలుపు చేసి, ఎండ పడ్డ భాగం దాదాపు తెల్లగా అయ్యేలా Levels పెంచాలి. ఏసీపీ గాడులు అలాగే ఉంటే రాయి మీద నిలువు గీతలుగా బయటపడతాయి. ఇక్కడ బ్లర్ వేస్తే సన్‌షేడ్ నీడ అంచు కూడా మసకబారుతుంది. Median ఫిల్టర్ వేయండి. అది సన్నని గీతలను మింగేసి పెద్ద నీడ అంచును పదునుగా ఉంచుతుంది. మన గాడి మూడు పిక్సెళ్లు కాబట్టి రేడియస్ మూడు నాలుగు చాలు. కిటికీకి ఆనుకున్న చోట మాత్రం ఫ్రేము రంగు కొంచెం గోడలోకి కలుస్తుంది, ఆ అంచును క్లోన్ బ్రష్‌తో సరిచేయాలి.

ఈ దారిలో లోపం ఒకటే. రాయి చదునుగా, వాల్‌పేపర్‌లా కనిపిస్తుంది. గరుకు రాయికి ఉండే ఎత్తుపల్లాలు, మూల దగ్గర రాళ్లు ఒకదానిలో ఒకటి అల్లుకుని మలుపు తిరగడం, సన్‌షేడ్ నీడ గీత రాళ్ల మీద వంకరగా పడడం ఇందులో ఉండవు. అక్కడే ఏఐ పనికొస్తుంది.

మాస్క్‌తో ఏఐ ఇన్‌పెయింటింగ్

స్టేబుల్ డిఫ్యూజన్ ఇన్‌పెయింట్ మోడళ్లు, 2024 నవంబరులో వచ్చిన ఫ్లక్స్ ఫిల్, ఫొటోషాప్‌లోని జనరేటివ్ ఫిల్ ఈ కోవలోవి. మాస్క్‌లో తెలుపు ఉన్నచోట కొత్తగా పుట్టిస్తాయి, మిగతాది ఉంచుతాయి. ఫ్లక్స్ ఫిల్ డెవ్ రకం వాడేవాళ్లు లైసెన్సు చదువుకోండి, వ్యాపారానికి వాడడంపై షరతులు ఉన్నాయి.

ఇవి మాస్క్‌ను మనం గీసినంత కచ్చితంగా చూడవు. స్టేబుల్ డిఫ్యూజన్ తరహా మోడళ్లు బొమ్మను లోపల కుదించి పనిచేస్తాయి, 8×8 పిక్సెళ్ల గడి వాటికి ఒక చుక్క. మన 3840 బొమ్మను మోడల్‌కు సరిపడేలా 1536 వెడల్పుకు తగ్గించామనుకోండి, రెండున్నర రెట్లు తగ్గింది. అంటే ఒక గడి అసలు బొమ్మలో 20 పిక్సెళ్లు, గోడ మీద నాలుగంగుళాలు. మన కిటికీ ఫ్రేము 12 పిక్సెళ్లే. ఫ్రేము మొత్తం ఒక గడి కన్నా చిన్నది కాబట్టి రాయి ఫ్రేములోకి కారడం, ఫ్రేము గోడలోకి ఉబ్బడం సహజం. ఆరంగుళాల రాతి వరస కూడా గడిన్నరే. వరసలు ముద్దకట్టడానికి కారణం మనం రాసిన ప్రాంప్ట్ అనుకుని దాన్నే తిప్పి తిప్పి రాస్తూ కూర్చుంటారు చాలామంది.

దానికి తోడు, ఈ మోడళ్లను నడిపే కంఫీయూఐలో మాస్క్ వేసినా బొమ్మ మొత్తం ఒకసారి కుదింపులోకి పోయి తిరిగొస్తుంది కాబట్టి మాస్క్ బయటి పిక్సెళ్లు కూడా కొంచెం మారతాయి. గ్రిల్ కమ్మీలు, దోమల మెష్ మీద ఇది ముందు తెలుస్తుంది. చివర్లో ImageCompositeMasked నోడ్ పెట్టి అసలు బొమ్మ మీద గోడను మాత్రం అతికించాలి. అలాంటిదే ఇంకొకటైన ఆటోమేటిక్1111లో ఈ అతుకు దానంతట అదే జరుగుతుంది, కానీ Mask blur మామూలుగా 4లో ఉంటుంది, అంచు అంతమేరకు మసకబారుతుంది.

అందుకే రెండు మాస్కులు ఉంచుకోండి. మోడల్‌కు ఇచ్చేది కొంచెం పెద్దది, కిటికీ వైపు ఆరేడు పిక్సెళ్లు జరిపినది. అప్పుడు రాయి అంచు దాకా నిండుగా పుడుతుంది. తిరిగి అతికించడానికి వాడేది కచ్చితమైన ఐడీ మాస్క్. మోడల్ కిటికీలో ఏ కంగాళీ చేసినా అది ఈ రెండో మాస్క్ దగ్గర కత్తిరించుకుపోతుంది.

పాత బొమ్మను మోడల్ ఎంతమేర మార్చొచ్చో చెప్పే డీనాయిజింగ్ అంకె దగ్గర ఇంకో ఇరకాటం. 0.3 పెడితే పాత గోడ రంగే మిగులుతుంది, క్రీమ్ నల్లగా మారదు. 0.9 దాటిస్తే నల్లరాయి వస్తుంది కానీ సన్‌షేడ్ నీడ పోతుంది, లేదా వేరే దిక్కు నుంచి కొత్త నీడ వస్తుంది. కంఫీయూఐలో VAE Encode (for Inpainting) నోడ్ వాడితే ఇంకా కష్టం, అది మాస్క్ లోపలి పాత బొమ్మను తుడిచేస్తుంది కాబట్టి పూర్తి డీనాయిజింగే పెట్టాలి. తక్కువ అంకె కావాలంటే Set Latent Noise Mask నోడ్ వాడాలి. కంట్రోల్‌నెట్‌తో ఆకారం పట్టి ఉంచుదామని బొమ్మలోని అంచులను పట్టే క్యానీ గీతలు తీస్తే, పాత ఏసీపీ గాడులు కూడా ఆ గీతల్లో ఉంటాయి. రాతి గోడ మీద షీటు జాయింట్లు దయ్యాల్లా తిరిగొస్తాయి.

ఈ ఇరకాటం నుంచి బయటపడేది ఒకటే దారి. ముందు ఫొటోషాప్‌లో రాయిని Multiply తో కూర్చోబెట్టండి. రంగు, వరసల కొలత, నీడ అన్నీ అప్పటికే సరిగ్గా ఉంటాయి. ఆ బొమ్మను 0.25 నుంచి 0.35 మధ్య డీనాయిజింగ్‌తో ఇన్‌పెయింట్‌కు ఇవ్వండి. బొమ్మ మొత్తం తగ్గించకుండా, ఆటోమేటిక్1111లో Only masked పెట్టి గోడను ముక్కలుగా, 1024 పిక్సెళ్ల చదరాల చొప్పున అసలు సైజులోనే ఇవ్వండి. అప్పుడు ఒక గడి అసలు బొమ్మలో ఎనిమిది పిక్సెళ్లే, వరసకు దాదాపు నాలుగు గడులు దొరుకుతాయి. మోడల్ చేసే పని రాళ్లకు ఎత్తుపల్లాలు ఇవ్వడం, జాయింట్లలో చీకటి నింపడం వరకే. డిజైన్ దాని చేతికి వదలడం లేదు.

ఉత్త మాటతో మార్పించడం

"గోడకు నల్ల రాయి పెట్టు, కిటికీలు మార్చకు" అని రాస్తే బొమ్మ మొత్తాన్ని తిరిగి గీసి ఇచ్చే మోడళ్లు ఇప్పుడు బాగా వచ్చాయి. చూడగానే ముచ్చటేస్తుంది. అయితే కిటికీలు మార్చకు అనేది దానికి ఒక కోరిక మాత్రమే, అడ్డుగోడ కాదు. పాత బొమ్మ మీద పెట్టి చూస్తే ఇల్లు మూడు నాలుగు పిక్సెళ్లు జరిగి ఉండడం, కొంచెం జూమ్ అవడం మామూలే. అప్పుడు మాస్క్‌తో కోసినా అంచులు కలవవు. ఇంటాయనకు నలుపా, బూడిదా, ఎరుపా అని మూడు రంగులు ఫోన్‌లో చూపించి మనసు తెలుసుకోవడానికి వాడండి. ప్రింటు తీసి సైటులో అంటించే బొమ్మకు వద్దు.

అయినా ముట్టుకోక తప్పని కిటికీ

ఇంతదాకా కిటికీని కాపాడడం గురించి చెప్పాను. కాపాడితే అబద్ధమయ్యే సందర్భం కూడా ఒకటి ఉంది. మన అనంతపురం ఇంటికి ఎడమ వైపు గోడ ముందుకు పొడుచుకొచ్చి మూల తిరిగింది, ఆ మూలకు ఆనుకుని బాల్కనీ స్లైడింగ్ డోర్ ఉంది. ఆ గాజులో పక్కగోడ ప్రతిబింబం స్పష్టంగా పడుతుంది. గోడను నల్లరాయి చేసి గాజును అలాగే ఉంచితే, నల్లగోడ పక్కన గాజులో క్రీమ్ గోడ నిలబడి ఉంటుంది. ఎక్కడో తేడా ఉందని చూసేవాళ్లకు అనిపిస్తుంది కానీ ఏమిటో చెప్పలేరు.

క్రీమ్ గోడ ఎండను చుట్టూ వెదజల్లుతుంది కూడా. సన్‌షేడ్ అడుగు భాగం, కిటికీ మడత లోపలి తెలుపు అంతా ఆ వెలుగుతోనే బాగా కనిపిస్తున్నాయి. నల్లరాయి ఆ వెలుగును మింగేస్తుంది. సన్‌షేడ్ అడుగును Curves తో కొద్దిగా ముదురు చేస్తే ఇల్లు నేల మీద నిలబడినట్టు ఉంటుంది, అది కిటికీ కాదు కాబట్టి మాట తప్పినట్టూ కాదు. గాజు ప్రతిబింబానికి మాత్రం నా లెక్క ఇది. మారుతున్న గోడకు ఎదురుగానో మూలగానో గాజు లేకపోతే ఫొటోషాప్ దారి చాలు. ఉంటే 3డీ మోడల్ సంపాదించి మళ్లీ రెండర్ చేయాలి. అదీ కుదరకపోతే ఆ ఒక్క గాజులోని ప్రతిబింబానికి విడి పొరలో ముదురు రంగు వేసి, ఫ్రేమును వదిలేసి, ఆ సంగతి ఇంటాయనకు ముందే చెప్పాలి. లేత క్రీమ్ నుంచి లేత రంగు రాయికే మారుతుంటే ఈ గొడవే ఉండదు, ప్రతిబింబం తేడా ఎవరి కంటికీ ఆనదు.

పంపే ముందు చూసుకోవాల్సినవి

కిటికీ మారలేదని కంటితో చూసి చెప్పడం కన్నా లెక్కతో తేల్చుకోవచ్చు. ఆజ్ఞలు టైప్ చేసి నడిపే ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే కింది మూడు ఆజ్ఞలు చాలు. మొదటిది కిటికీ మాస్క్‌ను ఒక పిక్సెల్ లోపలికి కుదిస్తుంది, ఉమ్మడి అంచును వదిలేయడానికి. రెండోది కొత్త గోడను పాత బొమ్మ మీద అతికిస్తుంది. మూడోది కిటికీ లోపల రెండు బొమ్మల మధ్య అతి పెద్ద తేడా ఎంతో చెబుతుంది.

```
magick window_id.png -morphology Erode Square:1 window_core.png
magick original.png edited.png wall_mask.png -composite final.png
magick original.png final.png -alpha off -compose difference -composite window_core.png -compose multiply -composite -format "%[fx:maxima]\n" info:
```

`0` వస్తే కిటికీల్లో ఒక్క పిక్సెల్ కూడా మారలేదు. గాజు ప్రతిబింబాన్ని కావాలని మార్చి ఉంటే ఆ గాజును `window_id.png` నుంచి తీసేసి లెక్క చూడండి. ఫైళ్లన్నీ పీఎన్‌జీలోనే ఉండాలి. మధ్యలో ఒక్కసారి జేపెగ్‌గా సేవ్ చేసినా తేడా సున్నా రాదు. ఫొటోషాప్‌లో అయితే పాత పొరను పైన పెట్టి Difference లోకి మార్చండి, కిటికీలు నిండు నలుపుగా ఉండాలి. కంటికి అందని తేడాల కోసం పైన Levels వేసి బాగా పెంచి చూడండి.

కిటికీ అయ్యాక గోడ. ఏఐ వాడిన బొమ్మలో మొదట చూడాల్సింది కిటికీకి అటూ ఇటూ ఉన్న వరసలు. ఎడమ వైపు జాయింట్ గీత మీద పర్‌స్పెక్టివ్ ప్రకారం ఒక గైడు లాగి కిటికీ దాటించండి. కుడి వైపు అదే వరస జాయింట్ మీదికి రావాలి. నిజం గోడ మీద మేస్త్రి దారం కట్టి వరస పెడతాడు కాబట్టి కిటికీ దాటాక వరస తప్పదు. మోడల్‌కు దారం ఉండదు, రెండు పక్కలా వేర్వేరుగా రాళ్లు పేరుస్తుంది. సగం రాయి తేడా వచ్చిందంటే ఆ ముక్కను పడేసి ఫొటోషాప్ పొరకు వెనక్కి వెళ్లండి. ఆ తర్వాత సన్‌షేడ్ నీడ పాత బొమ్మలో ఎక్కడ ఆగిందో ఇప్పుడూ అక్కడే ఆగిందా, ఫ్రేము చుట్టూ క్రీమ్ గీత మిగిలిందా అని 200 శాతం జూమ్‌లో చూడండి.

మన అనంతపురం ఇంటికి చివరికి నిలిచే దారి ఇది. ముందు ముఖం గోడకు ఎదురుగానో మూలగానో గాజు లేదు కాబట్టి దానికి ఫొటోషాప్‌లో రాయి, దాని మీద తక్కువ డీనాయిజింగ్ ఇన్‌పెయింట్, ఐడీ మాస్క్‌తో తిరుగు అతుకు. ఎడమ మూలకు మాత్రం 3డీ మోడల్ తెప్పించుకుని ఆ భాగాన్ని మళ్లీ రెండర్ చేసి, స్లైడింగ్ డోర్ గాజుతో సహా అక్కడ అతికించడం. బొమ్మ ఒప్పుకున్నాక రాతి వరసల ఎత్తు, కిటికీ మడతలో రాయి ఎక్కడ ఆగుతుంది అన్నవి కొలతలతో విడి కాగితం మీద గీసి మేస్త్రికి ఇవ్వండి. రెండర్ చూసి రాయి కోయమని చెప్పకండి.